నన్నా, నాకా: ఒక ఫ్రెంచ్ ఉత్తరం సంగతి

ఫ్రాన్స్‌లో ఎవరింట్లోనైనా కొన్నాళ్ళుండి వచ్చినవాళ్ళు తిరిగి వెళ్ళాక ఆ ఇంటివాళ్ళకి నాలుగు ముక్కలు రాయడం అక్కడి మర్యాద. దానికి వాళ్ళ భాషలో ఒక పేరే ఉంది: ‘లెత్ర్ ద షాతో’, అంటే కోట ఉత్తరం. పల్లెపట్టున కోటల్లోనో పెద్ద బంగళాల్లోనో అతిథులుగా గడిపినవాళ్ళు ఆ ఇంటి ఇల్లాలికి రాసే ఉత్తరం కాబట్టి ఆ పేరు. ఇప్పుడు కోట ఉండక్కర్లేదు, రెండు గదుల అపార్ట్‌మెంట్ అయినా చాలు. ఇల్లాలి ఒక్కరి పేరునే రాయాలన్న పట్టింపూ సడలింది. ఉత్తరం మాత్రం రాయాలి, అదీ తిరిగొచ్చిన వారం పది రోజుల్లోపు, వీలైతే చేత్తో.

మనవాళ్ళు ఇక్కడే తడబడతారు. బాధ్యత తెలియక కాదు. మన ఇళ్ళల్లో వారం రోజులు పెట్టిపోసిన పిన్నికో మావయ్యకో కృతజ్ఞతలు చెబితే వాళ్ళు నొచ్చుకుంటారు, ‘మేమేమైనా పరాయివాళ్ళమా’ అంటారు. ‘వెళ్ళొస్తాం, మీరూ మా ఇంటికి రండి’ అన్న మాటలోనే అన్నీ ఇమిడిపోతాయి. ఫ్రెంచ్ ఇంట్లో అలా కాదు. తాతయ్య పుట్టినరోజుకి పంపిన బహుమతికి కూడా కార్డు రాయమని పిల్లల్ని కూర్చోబెట్టే ఇళ్ళవి. అక్కడ వారం ఉండి వచ్చి, క్షేమంగా చేరామని ఒక మెసేజ్ పెట్టి ఊరుకుంటే, మన ప్రేమ మన దగ్గరే ఉండిపోతుంది, వాళ్ళకి చేరదు.

మా మేనకోడలు విజయవాడలో ఇంజినీరింగ్ చదువుతోంది. కాలేజీ తరఫున ఫ్రాన్స్ వెళ్ళి, పశ్చిమాన ఆఁజే అనే ఊళ్ళో ఒక కుటుంబంతో వారం ఉండి వచ్చింది. ఇంటర్‌లో రెండో భాషగా ఫ్రెంచ్ తీసుకుని మంచి మార్కులు తెచ్చుకున్న పిల్ల. వచ్చిన రెండో రోజే ఉత్తరం రాసి నాకు చూపించింది. ఆ ఉత్తరాన్నే ఇక్కడ ముందుపెట్టుకుని మాట్లాడతాను. ఫ్రెంచ్ మాటల్ని తెలుగు లిపిలోనే రాస్తున్నాను, ముక్కుతో పలికే చోట అరసున్న పెడుతున్నాను. అక్షరాల పేర్లు మాత్రం మనకలవాటైన ఇంగ్లీషు పేర్లే.

ఆమె మొదటి చిత్తులో నాలుగు వాక్యాలున్నాయి. ‘మెర్సీ బోకూ పూర్ మ రసవ్వార్ దాఁ వోత్ర్ మేజోఁ. జే విజితే వూ పూర్ యూన్ సమెన్. జెతే త్రెజెక్సితే. జ వూ మాఁక్ బోకూ.’ చదివిన వెంటనే ఒక సంగతి తెలిసిపోతుంది: ఈ పిల్ల తెలుగులో అనుకున్నదాన్ని ఇంగ్లీషులోకి మార్చి, ఆ ఇంగ్లీషుని మాటకు మాట ఫ్రెంచ్‌లోకి దింపింది. నాలుగు వాక్యాల్లోని తప్పులన్నీ ఆ మధ్య మజిలీలో పుట్టినవే. తెలుగు నుంచి నేరుగా వెళ్ళి ఉంటే వీటిలో చాలావరకు జరిగేవే కావు.

చివరి వాక్యం సంగతి ముందు చెబుతాను, ఎందుకంటే అది అర్థాన్నే తల్లకిందులు చేసింది. మీరు నాకు బాగా గుర్తొస్తున్నారు అని ఆమె చెప్పాలనుకుంది. ఆమె రాసినదానికి ఫ్రెంచ్‌లో అర్థం, నేను మీకు బాగా గుర్తొస్తున్నాను అని! ‘మాఁకే’ అనే క్రియకి కర్త తలుచుకునే మనిషి కాదు, దూరమైన మనిషి. ఆ మనిషి లేని లోటు ఎవరికి తెలుస్తోందో వాళ్ళు ‘కి, కు’ విభక్తిలో ఉంటారు. ఇంగ్లీషు మీదుగా వచ్చినవాళ్ళకి ఇది చాలా వింతగా కనిపిస్తుంది, కోర్సు పుస్తకాలు దీనికి ప్రత్యేకంగా ఒక హెచ్చరిక పెడతాయి. తెలుగువాళ్ళకి ఇందులో వింత ఏముంది? ‘మీరు నాకు గుర్తొస్తున్నారు’. కర్త మీరు, క్రియ మీతో కలుస్తుంది, నేను ‘నాకు’ అయ్యాను. ఫ్రెంచ్‌లోనూ అదే: ‘వూ మ మాఁకే’. వూ అంటే మీరు, మ అంటే నాకు. వరస కూడా మన వరసే.

నచ్చడమూ అంతే. ఇంగ్లీషులో నేను ఇష్టపడ్డాను అనాలి, తెలుగులో నాకు నచ్చింది అంటాం. ఫ్రెంచ్‌లో రెండు దారులూ ఉన్నాయి గానీ, ఇలాంటి ఉత్తరంలో మన దారికి సరిపోయే క్రియ ‘ప్లెర్’. ‘వోత్ర్ గాతో ఓ పొమ్ మ బోకూ ప్ల్యూ’ అంటే మీరు చేసిన యాపిల్ కేకు నాకు బాగా నచ్చింది. కేకు కర్త, నాకు నచ్చడం, అంతే. మన పిల్లలు ఇలాంటి వాక్యాన్ని పుట్టిన దగ్గర్నుంచి తెలుగులో అంటూనే ఉన్నారు.

రెండో వాక్యంలోని తప్పు కాలానికి సంబంధించింది. వారం రోజులు అనడానికి ఆమె ‘పూర్ యూన్ సమెన్’ అని రాసింది, ఇంగ్లీషులో ఒకే మాటతో సరిపోతుంది కాబట్టి. ఫ్రెంచ్‌లో ‘పూర్’ అంటే ముందుగా అనుకున్న గడువు. జరిగిపోయిన కాలానికి ‘పాఁదాఁ’ వాడాలి. తెలుగులో ఈ తేడా మనకి అలవాటైనదే. ‘వారానికని వెళ్తున్నాను’ అంటాం, తిరిగొచ్చాక ‘వారం పాటు ఉన్నాను’ అంటాం. ‘వారానికని’ అన్నచోట పూర్, ‘పాటు’ అన్నచోట పాఁదాఁ. అదే వాక్యంలో ‘విజితే’ అన్న క్రియ కూడా మారాలి, అది ఊళ్ళనీ కోటల్నీ చూడటానికి పనికొస్తుంది గానీ మనుషుల్ని చూడటానికి కాదు. ఎవరింట్లోనో ఉన్నామని చెప్పడానికి ‘షే వూ’ అంటే చాలు, మీ ఇంట్లో, మీ దగ్గర అని. ‘మేజోఁ’ అన్న మాట, అంటే ఇల్లు, అసలు అక్కర్లేదు. ఇక మూడో వాక్యంలో ‘ఎక్సితే’ అన్న మాటని నేను పూర్తిగా తీసేయించాను. ఇంగ్లీషులో ఉత్సాహమే, ఫ్రెంచ్‌లో దానికి ఇతర అర్థాలున్నాయి, ఇంటిపెద్దలకి రాసే ఉత్తరంలో పనికిరాదు. ‘త్రే కోఁతాఁత్’ అంటే చాలా సంతోషంగా ఉన్నానని. అది చాలు.

ఇప్పుడు మొదటి వాక్యం. ఈ ఉత్తరానికి వెన్నెముక ఇదే, కాబట్టి కాస్త నిదానంగా చెబుతాను.

మెర్సీ తర్వాత నామవాచకం వస్తే ‘పూర్’ పెట్టవచ్చు, ‘మెర్సీ పూర్ వోత్రకెయ్’, మీ ఆదరణకి కృతజ్ఞతలు. క్రియ వస్తే మాత్రం ‘ద’ పెట్టి, ఆ క్రియని జరిగిపోయిన రూపంలో రాయాలి. నన్ను ఆదరించినందుకు అన్నప్పుడు ‘ఆదరించిన’ అనే భాగం ఉంది చూడండి, అది ఫ్రెంచ్‌లోనూ కనిపించాలి: ‘మెర్సీ ద మవ్వార్ అకెయీ’. జరగని పనిలా రాస్తే ఏమవుతుంది? ఫ్రాన్స్‌లో ఆఫీసు తలుపుల మీద ‘మెర్సీ ద ఫెర్మే లా పోర్త్’ అని రాసి ఉంటుంది. తలుపు వేసినందుకు కృతజ్ఞతలని కాదు, దయచేసి తలుపు వేయమని. ‘ద’ తర్వాత క్రియ మామూలు రూపంలో ఉంటే చాలాసార్లు అది మర్యాదగా చెప్పిన పురమాయింపు. వారం ఆతిథ్యం ఇచ్చినవాళ్ళకి పొరపాటున అలా రాస్తే, వచ్చే ఏడాదీ నన్ను ఉంచుకోండి అని అడిగినట్టు చదువుకునే అవకాశం ఉంది.

‘అకెయీ’ అన్న మాటని కాగితం మీద రాయడంలో ఇంకో చిక్కుంది, చెవికి వినిపించదు. రాసేది ఆడపిల్ల అయితే చివర ‘ఈ’ అనే అక్షరం చేరాలి. మగపిల్లాడైతే చేరదు. ఇద్దరు స్నేహితులు కలిసి రాస్తే ‘ఎస్’ చేరాలి, ఇద్దరూ అమ్మాయిలైతే ‘ఈ’, ‘ఎస్’ రెండూ. పలకడంలో నాలుగూ ఒకటే. దీనికి సూత్రం వ్యాకరణ పుస్తకంలో ఇలా ఉంటుంది: ‘అవ్వార్’ సహాయక్రియతో వచ్చిన భూతకాల రూపం, దాని ముందు వచ్చిన ప్రత్యక్ష కర్మతో లింగ వచనాల్లో ఏకీభవించాలి. పిల్లలు దీన్ని బట్టీపట్టి, పరీక్షలో ఖాళీలు నింపి, ఉత్తరం రాసేటప్పుడు మరిచిపోతారు. ప్రత్యక్ష కర్మ ఏదో, పరోక్ష కర్మ ఏదో ఇంగ్లీషులో రూపం చూసి గుర్తుపట్టలేరు, అక్కడ రెండింటికీ ఒకటే మాట. ఫ్రెంచ్‌లోనూ నన్ను అన్నా నాకు అన్నా ‘మ’యే.

తెలుగులో మాత్రం రెండూ వేరు. నన్ను అంటే ద్వితీయా విభక్తి, నాకు అంటే షష్ఠి. మన మూడేళ్ళ పిల్ల కూడా వాటిని కలిపేయదు. కాబట్టి ఫ్రెంచ్ వాక్యం రాసే ముందు దాన్ని తెలుగులో అనుకుని, నన్నా, నాకా అని ఒక్కసారి అడిగితే చాలు. నన్ను ఆదరించారు, అయితే ‘ఈ’ చేరుతుంది. నాకు గది ఇచ్చారు, చేరదు.

మా మేనకోడలి ఉత్తరంలో ఈ రెండో రకం వాక్యం కూడా అవసరమైంది. ఆ ఇంట్లో పన్నెండేళ్ళ పాప తన గది ఈమెకి వదిలిపెట్టి, వారం రోజులూ తమ్ముడి గదిలో నేల మీద పరుపేసుకుని పడుకుందట. ఆ పాపకి విడిగా ఒక వాక్యం ఉండాలన్నాను: ‘ఎ త్వా, మెర్సీ ద మవ్వార్ ప్రెతే తా షాఁబ్ర్’, నువ్వు నాకు నీ గది ఇచ్చినందుకు. చూడటానికి పై వాక్యంలాగే ఉంది, అదే ‘మవ్వార్’. ఆమె అలవాటుగా ‘ప్రెతే’ చివర కూడా ఒక ‘ఈ’ తగిలించింది. నన్నా, నాకా అని అడిగాను. ఒక్క క్షణం ఆలోచించి తనే కొట్టేసింది. ఈ సూత్రం మీద క్లాసులో ఎన్ని ఖాళీలు నింపిందో గానీ, అంత తేలిగ్గా ఎప్పుడూ తోచలేదంది.

ఈ పరీక్ష అన్నిచోట్లా పనిచేస్తుందని మాత్రం అనుకోకూడదు. కొన్ని క్రియల దగ్గర రెండు భాషలూ విడిపోతాయి. ఈ ఉత్తరంలో తగిలే అవకాశమున్నవి రెండు. ఒకటి సాయం చేయడం. తెలుగులో నాకు సాయం చేశారు అంటాం, ఫ్రెంచ్‌లో ‘ఎదే’ అనే క్రియకి మనిషి ప్రత్యక్ష కర్మ, నన్ను అన్నట్టే లెక్క. కాబట్టి ‘మెర్సీ ద మవ్వార్ ఎదే’ అని అమ్మాయి రాస్తే చివర ‘ఈ’ చేరాల్సిందే. రెండోది కృతజ్ఞత చెప్పడమే. మీకు కృతజ్ఞతలు అంటాం, ‘రమెర్సియే’ క్రియ మాత్రం ‘మిమ్మల్ని’ అడుగుతుంది. ఈ రెండూ గుర్తుపెట్టుకుంటే ఇలాంటి చిన్న ఉత్తరానికి ఇబ్బంది రాదు.

ఆదరణ అనే అర్థమున్న ‘అకెయ్’ మాట వర్ణక్రమం గురించి కూడా ఒక ముక్క. ఫ్రెంచ్‌వాళ్ళు సైతం ఈ మాటని తరచూ తప్పు రాస్తారు. ఏ, సీ, సీ, తర్వాత యూ, ఆ తర్వాత ఈ, ఐ, ఎల్. యూ, ఈ తారుమారవడమే మామూలుగా జరిగే తప్పు. ‘సీ’ పక్కన నేరుగా ‘ఈ’ వస్తే దాన్ని ‘స’ అని పలకాలి, క ధ్వని నిలవడానికే మధ్యలో ‘యూ’ ఉంది. కారణం తెలిస్తే చెయ్యి తప్పదు.

మీరు, నువ్వు సంగతి మనకి కొత్త కాదు. వూ అంటే మీరు, త్యూ అంటే నువ్వు. గౌరవానికీ బహువచనానికీ ఒకే మాట ఉండటమూ మనలాగే. వాడకంలోనే తేడా. ఆతిథ్యమిచ్చిన అమ్మా నాన్నా రెండో రోజే ‘త్యూ’ అనమని చెబుతారు, మన పిల్లలకి నోరు రాదు, పెద్దవాళ్ళని నువ్వు అనడమా అని. అలా చెప్పాక కూడా వూ పట్టుకుని వేలాడితే వాళ్ళకది గౌరవంలా అనిపించదు, దూరంలా అనిపిస్తుంది. అదృష్టవశాత్తూ ఇంటిల్లిపాదికీ కలిపి రాసే ఉత్తరంలో ఆ ఇబ్బంది రాదు, అందరూ కలిస్తే వూ తప్ప వేరే మాట లేదు. పాపకి రాసిన ఒక్క వాక్యంలోనే ‘త్వా’ వచ్చింది.

సంబోధన, ముగింపుల దగ్గర జాగ్రత్త పడాలి. పేర్లు పెట్టి పిలుచుకునే చనువుంటే పేర్లు రాయాలి, ఆమెకి ‘షేర్’, ఆయనకి ‘షేర్’. వినడానికి ఒకటే, రాతలో ఆమెదానికి చివర ‘ఈ’, నడుమ ‘ఈ’ మీద ఎడమకి వాలిన గీత. అందరికీ కలిపి ‘షేర్ తూస్’ అంటే ఇంకా హాయి. చనువు లేకపోతే ‘షేర్ మదామ్, షేర్ మస్యో’, ఇంటిపేరు తగిలించకుండా. ముగింపుకి నెట్‌లో దొరికే నమూనాల్లో రెండు రకాలుంటాయి. ఒకటి కలెక్టరుకి పెట్టుకునే అర్జీలాంటిది, నా విశిష్ట భావాల వ్యక్తీకరణని స్వీకరించండి అంటూ సాగుతుంది. రెండోది ‘కోర్దియాల్మాఁ’, ఆఫీసు మెయిళ్ళ కింద వేసేది. రెండూ పనికిరావు. వీడ్కోలప్పుడు బుగ్గలు ఆనించి పంపిన ఇంటికి ‘జ వూజాఁబ్రాస్’ అని నిర్మొహమాటంగా రాయొచ్చు. అంత చనువు లేకపోతే ‘అమికాల్మాఁ’.

ఇన్ని సవరణల తర్వాత ఉత్తరం ఇలా తయారైంది. పైన కుడివైపు విజయవాడ, తేదీ. తర్వాత:

‘షేర్ తూస్, మెర్సీ ద మవ్వార్ అకెయీ షే వూ పాఁదాఁ యూన్ సమెన్. ల గాతో ఓ పొమ్ ద్యూ దిమాఁష్ మ బోకూ ప్ల్యూ. మెర్సీ స్యూర్తూ దవ్వార్ పార్లే లాఁత్మాఁ ఆ తాబ్ల్. ఎ త్వా, మెర్సీ ద మవ్వార్ ప్రెతే తా షాఁబ్ర్. వూ మ మాఁకే దేజా. సి అఁ జూర్ వూ వనే ఆ విజయవాడ, వూ సరే లె బ్యాఁవన్యూ షే నూ. జ వూజాఁబ్రాస్.’

అంటే, మీ ఇంట్లో వారం పాటు నన్ను ఆదరించినందుకు కృతజ్ఞతలు, ఆదివారం యాపిల్ కేకు నాకు బాగా నచ్చింది, భోజనాల దగ్గర నాకోసం నిదానంగా మాట్లాడినందుకు మరీ మరీ కృతజ్ఞతలు, నువ్వు నాకు నీ గది ఇచ్చినందుకు కూడా, మీరు అప్పుడే గుర్తొస్తున్నారు, ఎప్పుడైనా విజయవాడ వస్తే మా ఇంటికి తప్పకుండా రండి. మొత్తం ఏడు వాక్యాలు. మధురం, అద్భుతం, మరపురాని అన్న విశేషణాలు ఒక్కటి కూడా లేవు. వాటిని మేం కావాలనే తీసేశాం. అవి ఏ ఇంటికైనా రాయొచ్చు. భోజనాల దగ్గర నిదానంగా మాట్లాడారన్న మాట ఆ ఒక్క ఇంటికే రాయగలం. వచ్చీరాని ఫ్రెంచ్‌తో నలుగురు గలగలా మాట్లాడుకునే బల్ల దగ్గర కూర్చోవడం ఎంత కష్టమో, ఆ కుటుంబం దాన్ని గమనించి తగ్గి మాట్లాడటం ఎంత పెద్ద మనసో ఆ పిల్లకి తెలుసు. అది రాయడానికి పెద్ద వ్యాకరణమేమీ అక్కర్లేకపోయింది.

కవరు మీద ఊరి పేరుకి ముందు ఐదంకెల పిన్‌కోడ్ రాయాలి, ఆఁజే నగరానికి 49000. ఫ్రాన్స్ అన్న పేరు చివరి వరసలో విడిగా. విమానంలో పంపే ఉత్తరాల మీద మన తపాలావాళ్ళు అంటించే నీలం చీటీ మీద ‘పార్ ఆవియోఁ’ అని ఉంటుంది, అదీ ఫ్రెంచే. ప్రపంచ తపాలా సంఘం అధికార భాష ఫ్రెంచ్ కావడం వల్ల ఆ మాట దేశదేశాల కవర్లకెక్కింది.

మన కాలేజీల్లో ఫ్రెంచ్ చెప్పే అధ్యాపకులకి ఒక మనవి. పాఠం ఇంగ్లీషులో చెప్పక తప్పకపోవచ్చు, పుస్తకాలు అలాగే ఉన్నాయి. ప్రత్యక్ష కర్మ, పరోక్ష కర్మ వచ్చిన రోజున మాత్రం ఒక్క పావుగంట తెలుగులో చెప్పండి. బోర్డు మీద ఒకవైపు ‘నన్ను’, ఇంకోవైపు ‘నాకు’ అని రాసి, క్రియల్ని పిల్లల చేతే రెండు వైపులా సర్దించండి, ‘ఎదే’, ‘రమెర్సియే’ అన్న రెండింటినీ ఎర్ర సుద్దతో రాయండి. ఆ మర్నాడు వాళ్ళ చేత ఏడు వాక్యాల ఉత్తరం ఒకటి రాయించండి, ఎవరికి రాస్తున్నారో ముందు చెప్పించి మరీ.